దసరా దాకా విప్పని మిషన్

పెట్టె వచ్చిన రోజే విప్పి ఉంటే ఈ గొడవే లేదు. ఆ మాట నేను మా అమ్మతో ఎన్నిసార్లు అన్నానో లెక్క లేదు. ఆమె విన్నది మాత్రం ఒక్కసారి కూడా లేదు.

పెట్టె వచ్చింది పెత్తరమాస అమావాస్యకు తొమ్మిది రోజుల ముందు. పెద్దల దినాల్లో కొత్త వస్తువు విప్పకూడదంది అమ్మ. సరే, పెత్తరమాస పోయింది. అప్పుడైనా విప్పమంటే, "ఎట్లయినా దసరాకు పనిముట్లకు పూజ జేస్తం గదనే, ఆ రోజే విప్పి బొట్టు పెడదం. పదకొండు దినాలల్ల కొంపేం మునుగుతది?" అంది. మేం సిరిసిల్ల నుంచి ఈ హిందీ మాట్లాడే మగ్గాల ఊరికి వలస వచ్చిన పద్మశాలీలం. మా డిండోలీ గల్లీలో దసరా నాడు మగ్గం రెంచికి కూడా బొట్టు పెడతారు. పూజ కాకుండా కొత్త మిషన్‌ తొక్కడం అంటే అమ్మ దృష్టిలో తాళి కట్టకుండా కాపురం పెట్టడం లాంటిది.

ఆ పెట్టెలో ఉన్నది పవర్ కుట్టుమిషన్. బల్ల, మోటారు, తల అన్నీ కలిపి ఆన్‌లైన్‌లో తెప్పించింది. మా ఇల్లు ఒక గది, ఒక వంట మూల. ఇరవై రోజులు ఆ పెట్టె మధ్యలో కూర్చుంది. బాపు మగ్గాల కార్ఖానా నుంచి షిఫ్ట్ దిగి వచ్చి రోజూ దానికి మోకాలు కొట్టుకునేవాడు. "అంబదాసు ఇంట్ల అంబదాసుకే జాగ లేదు," అని తన పేరు తానే చెప్పుకుని గొణిగేవాడు.

అమ్మ ఉధ్నాలో ఒక లేసు కార్ఖానాలో పదకొండేళ్లు కుట్టింది. చీరల అంచులకు లేసు పట్టీ వేసే పని. వినాయక చవితి తర్వాత ఆ పని మానేసి, దాచుకున్నదంతా పెట్టి ఈ మిషన్ కొంది. సలాబత్‌పురాలో ఒక వ్యాపారి లేసు కుట్టడానికి చీరల మాల్ ఇస్తానన్నాడు. దీపావళి లోపల పని మొదలు కావాలి, కాకపోతే మాల్ ఇంకొకరికి పోతుంది. ఆమె మానేసిన రోజు లేసు కార్ఖానా సేఠ్ నవ్వి, "పో పోశమ్మా, నీ కుర్చీ ఖాళీగానే ఉంచుతా, దీపావళికి నువ్వే వస్తావు," అన్నాడట. ఆ నవ్వు అమ్మకు నిద్రలో కూడా వినిపించేది. మిషన్ నడవకపోతే ఆమె వెళ్లి కూర్చోవాల్సింది ఆ కుర్చీలోనే. ఇంకో మిషన్ కొనే స్తోమత మాకు లేదు.

ఈ లోపల ఆమె గల్లీలో చెప్పిన గొప్పలు ఇన్నీ అన్నీ కావు. అదే లేసు కార్ఖానాలో పనిచేసే కరుణ చిన్నమ్మను, లలితమ్మను పిలిచి, "మీరు గూడ ఆడ మానేయుండ్రి. నేను కార్ఖానా పెడుతున్న. ముందు వంతులేసుకొని కుట్టుదం, ఆరు నెలలల్ల ఇంకో రెండు మిషన్లు తెస్త," అని మాటిచ్చింది. వాళ్లు నిజంగానే మానేశారు. బాపు తల కొట్టుకుని, "ఆలు లేదు సూలు లేదు, కొడుకు పేరు సోమలింగం," అన్నాడు. అమ్మ ఆయనకు ఆ పూట చారు పోయలేదు.

దసరా వచ్చింది. కొబ్బరికాయ, పసుపు, కుంకుమ, బంతిపూలు. సిరిసిల్లలో ఉన్న అమ్మమ్మకు పంపాలని నేను ఫోన్‌లో వీడియో తీశాను. సీలు తీయడం, తల బయటికి తీయడం, మిస్త్రీ బక్కయ్య మామ బిగించడం, అమ్మ బొట్టు పెట్టడం అన్నీ అందులో వచ్చాయి. స్విచ్ వేసింది. మోటారు మొత్తుకుంది. ఇల్లంతా మగ్గాల కార్ఖానా అయింది. పది నిమిషాలకు కాలిన వాసన. బక్కయ్య మామ చెయ్యి పెట్టి చూసి వెంటనే వెనక్కి లాక్కున్నాడు.

"ఇది సర్వో మోటార్ కాదు పోశమ్మా. పాత రకం క్లచ్ మోటార్. అది గూడ లోపల వైండింగే ఖరాబున్నది."

నేను ఆర్డర్ తీసి చూశాను. పేరులోనే రాసి ఉంది, సర్వో మోటార్ అని. సర్వో అంటే తొక్కినప్పుడే తిరుగుతుంది, చప్పుడు ఉండదు, కరెంటు తక్కువ తాగుతుంది. ఇంట్లో పెట్టుకునేవాళ్లు దానికోసమే నాలుగు రాళ్లు ఎక్కువ పెడతారు. మోటారు రేకు మీద మాత్రం ఇంత లావు అక్షరాలతో క్లచ్ అని ఉంది. ఆ రేకు మీదే అమ్మ నిండుగా పసుపు రాసింది.

యాప్‌లో రిటర్న్ బటన్ నొక్కినా పనిచేయకుండా నల్లబడి ఉంది. ఏడు రోజుల గడువు, పెట్టె వచ్చి ఇరవై రోజులు. చాట్‌లో రాశాను. "మీ ఆర్డర్ రిటర్న్ గడువు ముగిసింది. మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాము," అని వచ్చింది. మోటారు చెడిపోయిందని రాశాను. అదే వాక్యం మళ్లీ వచ్చింది. మోటారే వేరేది పంపారని రాశాను. ఆ వాక్యమే మూడోసారి.

నాకు ఒళ్లు మండిపోయింది. ఎందుకంటే ఆ వాక్యం నాకు కంఠస్థం. నేను వరాఛాలో ఆన్‌లైన్ చీరల కంపెనీలో రిటర్న్స్ బల్ల దగ్గర పనిచేస్తాను. రోజుకు నలభై మందికి అదే వాక్యం అతికిస్తాను. అవతల మనిషి ఏం రాశాడో సగం సార్లు చదవను కూడా. గడువు తేదీ చూడటం, అతికించడం, అంతే. మా అమ్మ మీదికి అదే వచ్చి పడితే గానీ అది ఎంత మొండి మాటో తెలియలేదు.

ఫొటోలు పంపితే ఇంకో సమాధానం వచ్చింది. "ఫొటోలో వస్తువు మీద మరకలు ఉన్నాయి. వాడిన వస్తువును వెనక్కి తీసుకోలేము." అవి మరకలు కావు, పసుపు కుంకుమలు అని రాశాను. చింతిస్తున్నాము అని వచ్చింది. యాప్ వాళ్లు అమ్మినవాడిని అడగమన్నారు. బిల్లు మీద నంబర్‌కు ఫోన్ చేస్తే అమ్మినవాడు యాప్‌ను అడగమన్నాడు. రెండు రోజులు ఇట్లాగే ఈ గడప ఎక్కి ఆ గడప దిగాం.

"పెత్తరమాస అని రాయరాదే. పండుగ దాక ఆగినమని చెప్తే వాళ్లకు సమజ్ కాదా? వాళ్లు మనుషులు కారా?" అంది అమ్మ.

"అమ్మా, పెత్తరమాస వాళ్ల లిస్టుల లేదే. మనం ఆలస్యమైందని ఒప్పుకొని బతిమాలితే వాళ్లు ఆలస్యం గురించే మాట్లాడుతరు. మనం మాట్లాడాల్సింది ఆలస్యం గురించి కాదు."

ఈ సంగతి నాకు మా ఆఫీసులోనే తెలుసు. ఎప్పుడో ఒక కస్టమర్ అడ్డం తిరిగితే మా మేనేజర్ నవత మేడం దగ్గరికి తీసుకుపోతాం. ఆవిడ మొదట చూసేది ఒక్కటే. మనసు మారి వెనక్కి పంపుతున్నాడా, మాల్‌లో తప్పుందా? మనసు మారితే గడువు మన ఇష్టం. మాల్ చెడిపోయినా, చెప్పినట్టు లేకపోయినా గడువు చూపించి తప్పించుకోలేం, ఈ-కామర్స్ రూల్స్‌లో ఆరో రూలు ఒప్పుకోదు, అమ్మినవాడు వెనక్కి తీసుకోవాలి లేదా డబ్బివ్వాలి అంటుంది. ఆ రూలు తెలిసి అడిగినవాళ్లకు మేం కిక్కురుమనకుండా రిటర్న్ ఇస్తాం. తెలియనివాళ్లకు వాక్యం అతికిస్తాం.

అందుకని చాట్ వదిలేశాను. యాప్‌లో అట్టడుగున, ఎవరికీ కనపడకుండా, ఫిర్యాదులు చూసే గ్రీవెన్స్ ఆఫీసర్ మెయిల్ ఉంటుంది. ఆయన నలభై ఎనిమిది గంటల్లో అందిందని చెప్పాలి, నెలలోపల తేల్చాలి. ఆయనకు రాశాను. అందులో పండుగ లేదు, పసుపు లేదు, బతిమాలడం లేదు. అమ్మకానికి పెట్టిన పేజీ ఫొటోలో సర్వో, మోటారు రేకు ఫొటోలో క్లచ్. సీలు తీసిన దగ్గర్నుంచి వాసన వచ్చేదాకా ఆపకుండా తీసిన వీడియో. మోటారు కొత్తదే, లోపం వాడకం వల్ల వచ్చింది కాదని బక్కయ్య మామ సంతకం పెట్టిన కాగితం. అదే రోజు మేం చాట్‌లో చెప్పిన రికార్డు. మేం అడిగేది గడువు దాటిన రిటర్న్ కాదని, లోపం ఉన్న వస్తువు, చెప్పినదానికి వేరుగా ఉన్న వస్తువు మార్చడమని రాశాను. తేల్చకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు, ఆ తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్‌కు పోతామని చివర రాశాను.

మర్నాడే అందిందని నంబరు వచ్చింది. ఐదో రోజు అమ్మినవాడే ఫోన్ చేశాడు. గొంతు మారిపోయింది. "బేటా, మిషన్ తీసుకుని దుకాణానికి రండి, కూర్చుని మాట్లాడుకుందాం."

అతని పేరు ఓంప్రకాష్. దుకాణం సలాబత్‌పురాలోనే, అమ్మకు మాల్ ఇస్తానన్న వ్యాపారికి రెండు గల్లీల అవతల. మిషన్ మోయడానికి కరుణ చిన్నమ్మ, లలితమ్మ కూడా టెంపోలో మాతో వచ్చారు. తమ పని కూడా దీంట్లోనే ఉంది కాబట్టి పిలవకుండానే వచ్చారు.

ఓంప్రకాష్ దుర్మార్గుడు కాదు. అదే చిరాకు. దుర్మార్గుడైతే తిట్టి వచ్చేవాళ్లం. చల్లటి నీళ్లు ఇప్పించాడు. పేజీ తయారు చేసిన కుర్రవాడు వేరే మిషన్ వివరాలు ఎత్తి రాశాడన్నాడు. యాప్ వాళ్లు తన దగ్గర గుంజుకునేది గుంజుకుని, వాడి పారేసిన మిషన్లు కూడా తన నెత్తినే వేస్తున్నారన్నాడు. తర్వాత అసలు మాటకు వచ్చాడు. ఆయన హిందీలో మాట్లాడాడు, నేనూ హిందీలోనే.

"గడువు ఏడు రోజులు. ఇరవై రోజులు మీరు వాడుకోలేదని నాకేం నమ్మకం?"

నేను వీడియో చూపించాను. సీలు మీద యాప్ టేపు, డెలివరీ చీటీ, తల మీద సీరియల్ నంబరు, బిల్లు మీద అదే నంబరు. పసుపు పెట్టడం కూడా అందులోనే ఉంది.

"వారంటీ కాగితం చూడు. మోటారు వారంటీలో రాదు."

"వారంటీ అడుగుతలేను అంకుల్. వారంటీ వాడుకున్నంక చెడిపోతే. మీరు సర్వో అని అమ్మి క్లచ్ పంపిండ్రు. రేకు మీరే చదవండి."

ఆయన చదివాడు. అమ్మ కొంగుతో పసుపు తుడిచి మరీ చదివించింది. నాకు గెలిచేశామనిపించింది. అప్పుడు ఆయన అమ్మ వైపు తిరిగి, ఎంతో మర్యాదగా అడిగాడు.

"బెహన్‌జీ, మంచి మిషన్ తీసుకున్నారు. ధంధా ఏంటి? మనుషులెంతమంది?"

నేను నోరు తెరిచేలోపే అమ్మ అందుకుంది. ఇన్ని రోజుల్లో ఆమెను ఎవరైనా గౌరవంగా అడిగిన మొదటి ప్రశ్న అదే. వచ్చిన హిందీ అంతా కూడగట్టుకుని, నడుం నిటారుగా పెట్టి, "లేసు కార్ఖానా నాది. వీళ్లిద్దరు నా పనోళ్లు. ఇంకో రెండు మిషన్లు గూడ వస్తయి," అంది. కరుణ చిన్నమ్మ, లలితమ్మ కూడా కొంగులు సర్దుకున్నారు.

ఓంప్రకాష్ వీడియో చూసిన నా ఫోన్‌ను బల్ల మీద పెట్టాడు.

"చూశావా బేటా. మీది కార్ఖానా, వ్యాపారం కోసం కొన్నారు. వ్యాపారం కోసం కొన్నవాళ్లు వినియోగదారులు కారు. నీ రూలు వినియోగదారులకు. కమిషన్‌లో నా వకీలు అడిగే మొదటి మాట ఇదే."

ఆయన చెప్పింది తప్పు కాదు. పూర్తిగా ఒప్పూ కాదు. నాకు అమ్మను అక్కడే భుజాలు పట్టుకుని కుదిపేయాలనిపించింది. ఇరవై రోజులు పెట్టె విప్పకుండా కూర్చుని ఒకసారి ముంచింది. ఇప్పుడు నోరు విప్పి రెండోసారి.

"అంకుల్, మీరు చెప్పిన మాట ఉన్న సెక్షన్ కిందనే ఇంకో మాట ఉంది. సొంతంగా పని చేసుకుని, దానితోనే పొట్ట పోసుకునేందుకు కొన్నవాళ్లు వినియోగదారులే. బిల్లు మా అమ్మ పేరు మీదనే ఉంది. జీఎస్టీ నంబరు లేదు. దుకాణం లేదు. ఉన్నది ఒకటే మిషన్."

"నువ్వు చెప్తున్నావు. ఆమె కార్ఖానా అంటోంది. ఇద్దరు పనివాళ్లను కూడా చూపించింది." ఆయన చేతులు చాచాడు. "ఆమెనే చెప్పమను."

నేను అమ్మకు తెలుగులో చెప్పాను. ఓపిక చచ్చిపోయి, గొంతు తగ్గించాలన్న జ్ఞానం కూడా లేకుండా చెప్పాను.

"అమ్మా, ఉన్నది ఉన్నట్టు చెప్పు. కార్ఖానా లేదు. పనోళ్లు లేరు. నువ్వొక్కదానివే కుట్టుకొని బతుకుతవ్. వీళ్లు నీ మనుషులు కారు. అట్ల చెప్పి ఒక కాగితం మీద సంతకం పెట్టు. లేకుంటే ఈ మిషన్ ఈడనే ఉంటది, నువ్వు పోయి ఆ సేఠ్ కుర్చీల కూసోవాలె."

అమ్మ నా వైపు చూడలేదు. కరుణ చిన్నమ్మ వైపూ చూడలేదు. మోటారు వైపు చూస్తూ హిందీలో మెల్లగా చెప్పింది. కార్ఖానా లేదు సేఠ్. నేనొక్కదాన్నే. నా చేతులతో కుట్టుకుని తినేదాన్ని. వీళ్లు నా పనివాళ్లు కారు, గల్లీ వాళ్లు, మిషన్ మోయడానికి వచ్చారు.

నేను కాగితం రాశాను, ఆమె సంతకం పెట్టింది. ఫిర్యాదు ఇంకా తెరిచే ఉందని, అందులో ఈ కాగితం కూడా కలుపుతానని ఓంప్రకాష్‌కు చెప్పాను. ఆయన లోపలికి పోయి ఎవరికో ఫోన్ చేసి వచ్చి, సర్వో మోటారు ఉన్న ఇంకో మిషన్ దించమన్నాడు. అక్కడే కుట్టి చూశాం. అరగంట నడిపాం, చెయ్యి పెడితే గోరువెచ్చగా ఉంది, అంతే. పాతది వెనక్కి తీసుకున్నట్టు, కొత్తది ఇచ్చినట్టు, రెండు నంబర్లతో, ఆ రోజు తేదీతో రాయించుకున్నాను. వారంటీ కూడా ఆ తేదీ నుంచే వేయించాను. ఫిర్యాదు మూసేయమని అడిగాడు. ఇంటికి పోయి బిగించాక మూస్తానన్నాను. సరే అన్నాడు.

టెంపోలో నేను ఒక్కదాన్నే మాట్లాడాను. గెలిచిన ఊపులో ఉన్నాను. రూలు ఎట్లా పట్టుకున్నానో, ఆయన మొహం ఎట్లా మాడిందో చెప్పుకుంటూ పోయాను. లలితమ్మ ఊఁ కొట్టింది. కరుణ చిన్నమ్మ రోడ్డు చూస్తూ కూర్చుంది. అమ్మ మిషన్ తల మీద చెయ్యి వేసి పట్టుకుంది.

మర్నాడు సలాబత్‌పురా నుంచి చీరలు వచ్చాయి. నాలుగు మూటలు. వారంలో ఇవ్వాలి. అమ్మ పొద్దున్నే చాప వేసి, మూటలు విప్పి, చాయ్ పెట్టి ఎదురుచూసింది. పది గంటలైంది. ఎవరూ రాలేదు. పక్కింటి హారతి వచ్చి చెప్పింది, ఇద్దరూ లేసు కార్ఖానాకు తిరిగి పోతున్నారట, సేఠ్ పొద్దున ఫోన్‌లో సరే అన్నాడట.

నాకు మళ్లీ కోపం వచ్చింది. నేనే కరుణ చిన్నమ్మ గుమ్మం దగ్గరికి పోయాను. చట్టం అట్లా అడుగుతుంది చిన్నమ్మా, ఒకరిద్దరు సాయానికి ఉన్నంత మాత్రాన ఏం కాదు, నిజానికి అంత గట్టిగా చెప్పించాల్సిన అవసరం కూడా లేదు, ఆయన నోరు మూయించడానికి నేనే తొందరపడ్డాను అని చెప్పాను. ఆమె డబ్బా సర్దుకుంటూ విన్నది. "నాకు గవన్ని తెల్వవు బిడ్డా," అంది.

అప్పటికి అమ్మ నా వెనక వచ్చి నిలబడింది. నెత్తి మీద కొంగు కూడా లేదు. గల్లీలో నలుగురు చూస్తున్నారు. చూడనీ అన్నట్టు నిలబడింది.

"కరుణా, ఆడ అబద్ధం చెప్పిన. మిషన్ కోసం చెప్పిన. నువ్వు నా మనిషివే. రా, మాలొచ్చింది."

కరుణ చిన్నమ్మ డబ్బా మూత పెట్టింది. ఆమె గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది.

"ఆడ నిజమే చెప్పినవు పోశక్కా. నీకు కార్ఖానా లేదు, మేము నీ పనోళ్లం గాదు. అబద్ధం మాకు చెప్పినవు, గంతకుముందు. నేను ఆ మాట పట్టుకొని ఉన్న పని ఇడిసిపెట్టిన. నా పోరగాండ్లు నెల నుంచి ఒంటిపూట తింటున్నరు."

అమ్మ వెనుదిరిగింది. ఇంటికి వచ్చి మిషన్ ముందు కూర్చుంది. అది చప్పుడు లేకుండా నడిచింది, పేజీలో రాసినట్టే. నేను ఆఫీసుకు సెలవు చెప్పి, చాప మీద కూర్చుని, లేసు కత్తిరించి అందించడం మొదలుపెట్టాను. ఎవరి మీద కోపం చేయాలో ఆ రోజు నాకు తెలియలేదు, అందుకని నా మీదే చేసుకున్నాను. మధ్యాహ్నానికి అమ్మ రెండు మూటలు మళ్లీ కట్టి, వ్యాపారికి తిరిగి ఇచ్చి రమ్మంది.

"ఎందుకే, ఇద్దరం కలిసి చేద్దం," అన్నాను.

"ఒక్కదాన్నే అని రాసిచ్చిన గదా," అంది. "ఒక్కదానితోని అయ్యేదే పెట్టుకుంట."